రక్తం కనిపించకముందే: ఎబోలా జ్వరంలో షాక్ ఏర్పడే క్రమం, కిక్విట్ ఆసుపత్రి అనుభవంలో సిబ్బంది రక్షణ

1995 ఏప్రిల్ రెండో వారంలో నాటి జైర్ దేశపు కిక్విట్ పట్టణంలో ఒక జనరల్ ఆసుపత్రి శస్త్రచికిత్స బల్ల మీదికి ఒక రోగిని చేర్చారు. ఆయన అదే పట్టణంలోని ఒక ప్రసూతి ఆసుపత్రి ప్రయోగశాలలో టెక్నీషియన్. తీవ్ర జ్వరం, భరించలేని కడుపునొప్పి, ఉబ్బిన పొట్ట ఆయన లక్షణాలు. టైఫాయిడ్ వల్ల పేగుకు రంధ్రం పడి ఉంటుందని వైద్యులు భావించారు. ఆ ప్రాంతంలో అది అసహజమైన అనుమానం కాదు. పొట్ట తెరిచి చూశారు. రోగి పరిస్థితి మెరుగుపడకపోవడంతో రెండోసారి కూడా తెరిచారు. రక్తం ఆగకుండా కారింది. కొద్ది రోజులకే రోగి మరణించాడు. ఏప్రిల్ చివరికల్లా ఆ శస్త్రచికిత్సలో పాల్గొన్న వైద్యులు, నర్సులు ఒకరి వెంట ఒకరు అవే లక్షణాలతో మంచం పట్టారు.

ఆ రోగికి సోకినది ఎబోలా వైరస్. కిక్విట్‌లో ఆ వ్యాధి జనవరి నుంచే వ్యాపిస్తూ ఉంది. తొలి రోగిగా గుర్తించిన వ్యక్తి బొగ్గులు కాల్చే పనివాడు. జనవరి నెలలోనే మరణించాడు. మూడు నెలలకు పైగా ఆ గొలుసును ఎవరూ గుర్తించలేదు. రక్తవిరేచనాలను చూసి షిగెల్లా జిగట విరేచనాల వ్యాప్తి అనుకున్నారు. మే రెండో వారంలో అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ప్రయోగశాలలో ఎబోలా నిర్ధారణ అయ్యేనాటికి ఆసుపత్రి సిబ్బందిలో చాలామంది జబ్బుపడ్డారు. మొత్తం 315 మందికి వ్యాధి సోకగా, వారిలో సుమారు 81 శాతం మంది మరణించారు. సోకినవారిలో 80 మంది వైద్య సిబ్బంది, అంటే ప్రతి నలుగురిలో ఒకరు. ఇటలీలోని బెర్గామోకు చెందిన సన్యాసినుల సమాజం నుంచి నర్సులుగా పనిచేస్తున్న ఆరుగురు ఏప్రిల్, మే నెలల్లో ప్రాణాలు కోల్పోయారు.

కిక్విట్ ఉదంతంలో ఇమిడి ఉన్న వైద్యశాస్త్ర ప్రశ్న ఒకటే. ఆ శస్త్రచికిత్స ఎందుకు అంత ప్రమాదకరమైంది? రోగి శరీరంలో షాక్ ఏర్పడే క్రమాన్ని తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది. రోగి పరిస్థితి క్షీణించే వేగమూ, పరిచారికకు ముప్పు పెరిగే వేగమూ ఒకే కారణం మీద, అంటే రక్తంలో పెరిగే వైరస్ పరిమాణం మీద ఆధారపడి ఉంటాయి.

పేరు కలిగించే పొరపాటు

వైరల్ రక్తస్రావ జ్వరాలు అనే వర్గంలో ఫైలో వైరస్‌లు (ఎబోలా, మార్బర్గ్), అరీనా వైరస్‌లు (లాసా), బున్యా వైరస్‌లు (క్రిమియన్-కాంగో జ్వరం, రిఫ్ట్ వ్యాలీ జ్వరం), ఫ్లావి వైరస్‌లు (ఎల్లో ఫీవర్, డెంగీ) చేరతాయి. వీటిని ఒకే పేరు కింద చేర్చినవారు వైరస్‌ల వంశాన్ని బట్టి కాక, రోగి మంచం పక్కన కనిపించే లక్షణాన్ని బట్టి చేర్చారు. అందువల్ల ఈ పేరు రక్తం కారడమే వ్యాధి సారం అన్న భావన కలిగిస్తుంది. ఎబోలా విషయంలో అది నిజం కాదు. కిక్విట్ రోగుల్లో రక్తస్రావ లక్షణాలు కనిపించినవారు సగం మంది కన్నా తక్కువే. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో వ్యాపించిన ఎబోలాపై ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం ప్రచురించిన తొలి పెద్ద విశ్లేషణలో కారణం తెలియని రక్తస్రావం 18 శాతం మందిలోనే నమోదైంది. జ్వరం 87 శాతం మందిలోనూ, వాంతులు, విరేచనాలు దాదాపు మూడింట రెండు వంతుల మందిలోనూ కనిపించాయి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చేవరకు ఎదురుచూసి రోగిని వేరుచేసే ఆసుపత్రి, నూటికి ఎనభై మంది ఎబోలా రోగులను సాధారణ వార్డులోనే ఉంచుతుందని ఈ అంకె చెబుతోంది.

రక్తనాళాలు జల్లెడగా మారే తీరు

వైరస్ శరీరంలో ప్రవేశించిన తరువాత మొదట సోకేది రక్తనాళాల గోడలకు కాదు. మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలకూ, డెండ్రైటిక్ కణాలకూ. ఇవి శరీర రక్షణ వ్యవస్థకు కాపలాదారులు. వీటిలోనే వైరస్ సంతతి వృద్ధి చెందుతుంది; వీటి ద్వారానే లసిక గ్రంథులకు, కాలేయానికి, ప్లీహానికి, అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. సోకిన కణాలు శరీరమంతటికీ ప్రమాద సంకేతాలు పంపుతాయి. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు, నైట్రిక్ ఆక్సైడ్ పెద్ద మొత్తంలో విడుదలవుతాయి. చిన్న గాయం దగ్గర ఇదే ప్రతిస్పందన మేలు చేస్తుంది. అక్కడి నాళాలు కొద్దిగా సడలి, రక్షక కణాలు బయటికి వస్తాయి. కానీ దేహమంతటా ఒకేసారి జరిగితే రక్తనాళాల లోపొరలోని కణాల మధ్య బిగువు సడలి, ప్లాస్మా కణజాలంలోకి జారిపోతుంది. లోపొర కణాలకు వైరస్ నేరుగా సోకడం చాలా ఆలస్యంగా, వ్యాధి చివరి దశలోనే కనిపిస్తుంది. అంటే నాళాలు వైరస్ దాడితో పగలడం లేదు. శరీరం పంపిన సంకేతాలకు లోబడి జల్లెడగా మారుతున్నాయి.

రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతినే మార్గం వేరు. సోకిన మాక్రోఫేజ్‌లు తమ ఉపరితలం మీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను ప్రదర్శిస్తాయి. మామూలుగా ఇది నాళం వెలుపల ఉండి, నాళం తెగినప్పుడు మాత్రమే రక్తాన్ని తాకి గడ్డకట్టే ప్రక్రియను ప్రారంభిస్తుంది. ఇప్పుడది నాళం లోపలే తిరుగుతోంది. తత్ఫలితంగా చిన్న చిన్న నాళాల్లో అసంఖ్యాకంగా సూక్ష్మ గడ్డలు ఏర్పడతాయి. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ ఆ గడ్డలలో ఖర్చయిపోతాయి. గడ్డకట్టే కారకాలను తయారుచేయవలసిన కాలేయం కూడా వైరస్ వల్ల దెబ్బతిని ఉండటంతో ఖర్చయినవి తిరిగి చేరవు. ఇక సూది గుచ్చిన చోట, చిగుళ్లలో, పేగుల్లో రక్తం ఆగదు. లోపల అతిగా గడ్డకట్టడం వల్లనే బయట గడ్డకట్టని స్థితి ఏర్పడుతుందన్నది విద్యార్థులకు మొదట వింతగా తోచే సంగతి.

ఈ వివరణకు జంతు ప్రయోగం కొంత బలమిచ్చింది. టిష్యూ ఫ్యాక్టర్ ప్రారంభించే చర్యను అడ్డుకునే ఆర్ఎన్ఏపీసీ2 అనే మందును ఎబోలా సోకించిన తొమ్మిది రీసస్ కోతులకు ఇవ్వగా మూడు బతికాయి. 2003లో ప్రచురితమైన ఈ ఫలితం రెండు విషయాలు తెలుపుతుంది. గడ్డకట్టే ప్రక్రియ గతి తప్పడం మరణానికి దారితీసే కారణాల్లో ఒకటి. కానీ మిగిలిన ఆరు కోతులు మరణించాయి కనుక అదొక్కటే కారణం కాదు.

షాక్ ఎక్కడ మొదలవుతుంది

మిగిలిన కారణంలో ఎక్కువ భాగం ద్రవనష్టం. ఒక లెక్క వేసి చూడవచ్చు. 60 కిలోల బరువున్న వయోజనుడి శరీరంలో రక్తం కిలోకు 70 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 4.2 లీటర్లు ఉంటుంది. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి ఒక రోజులో 200 మిల్లీలీటర్ల రక్తం పోయిందనుకుంటే చూసేవారికి భయంకరంగా ఉంటుంది. అయినా అది మొత్తం రక్తంలో ఐదు శాతం లోపే. ఒక రక్తదాత ఒక్కసారి ఇచ్చేది అంతకన్నా ఎక్కువ. అదే రోగికి ఎబోలా ఆరో రోజున విరేచనాల ద్వారా ఐదు లీటర్లు పోవచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో అంతకు మించి కూడా గమనించారు. ఆ నీరూ లవణాలూ చివరికి రక్తంలోని ద్రవభాగం నుంచే భర్తీ కావాలి. మరోవైపు, మిగిలిన ప్లాస్మా జల్లెడైన నాళాల నుంచి జారిపోతూనే ఉంటుంది. వాంతుల వల్ల రోగి నోటితో తీసుకున్నది నిలవదు.

గుండె మొదట వేగం పెంచి ఈ లోటును కప్పిపుచ్చుతుంది. నాడి నిమిషానికి 120 దాటినా రక్తపోటు కొంతసేపు మామూలుగానే నమోదవుతుంది. ఈ దశను గుర్తించడానికి యంత్రాలు అవసరం లేదు. చేతివేళ్లు చల్లబడతాయి. గోరును నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకండ్లకు మించి పడుతుంది. పై రక్తపోటు, కింది రక్తపోటు అంకెలు దగ్గర పడతాయి. మూత్రం తగ్గుతుంది. రక్తపోటు పడిపోయిన తరువాత గుర్తిస్తే ఆలస్యమైనట్లే. అడ్రినల్ గ్రంథుల కణజాలం కూడా దెబ్బతిని ఉండటం వల్ల రక్తపోటును నిలబెట్టే హార్మోన్ల సాయం సైతం తగ్గుతుందని భావిస్తారు. దీనికి పేగుల్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి చేరడం తోడైతే స్థితి సెప్టిక్ షాక్‌ను పోలి ఉంటుంది.

తెలుగు ప్రాంతాల వైద్యులకు ఈ చిత్రంలో సగం పరిచితమే. డెంగీలో కూడా ప్రాణం తీసేది ప్రధానంగా ప్లాస్మా జారిపోవడమే. ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ తిరిగే ఆందోళన చాలాసార్లు అసలు ప్రమాదాన్ని మరుగుపరుస్తుంది. అయితే డెంగీ దోమ ద్వారా వచ్చేది కనుక రోగిని తాకిన నర్సుకు సాధారణంగా సోకదు. ఎబోలాలో, క్రిమియన్-కాంగో జ్వరంలో సోకుతుంది. మంచం మీద రెండు వ్యాధులూ ఒకేలా కనిపించవచ్చు. పరిచారికకు మాత్రం అవి పూర్తిగా వేర్వేరు.

ద్రవనష్టమే ప్రధానమైతే దాన్ని భర్తీ చేయడం వల్ల మరణాలు తగ్గాలి. 2014, 2015 సంవత్సరాల్లో అమెరికా, ఐరోపా ఆసుపత్రుల్లో చికిత్స పొందిన 27 మంది ఎబోలా రోగుల్లో ఐదుగురు మాత్రమే మరణించారు. వారికి ప్రయోగాత్మక మందులు కూడా ఇచ్చారు కనుక ఫలితాన్ని పూర్తిగా ద్రవాలకే ఆపాదించలేము. నాళాలు కారుతున్నప్పుడు సెలైన్ అతిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంది. ఇక్కడే సిబ్బంది రక్షణ ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. సెలైన్ ఎక్కించాలంటే సూది గుచ్చాలి. రోగి షాక్‌లో ఉన్నప్పుడు సిరలు కుంచించుకుపోయి దొరకవు. అదే సమయంలో ఆ రక్తంలో వైరస్ పరిమాణం గరిష్ఠంగా ఉంటుంది.

శస్త్రచికిత్స బల్ల వద్ద

ఇప్పుడు కిక్విట్ ఘటనను తిరిగి చూడవచ్చు. వ్యాధి మొదటి రెండు మూడు రోజుల్లో రక్తంలో వైరస్ తక్కువగా ఉంటుంది. ఎంత తక్కువంటే నేటి పీసీఆర్ పరీక్ష కూడా లక్షణాలు మొదలైన 72 గంటలలోపు చేస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు. అందుకే పరీక్షను మళ్లీ చేయాలి. తరువాతి రోజుల్లో వైరస్ వేగంగా పెరుగుతుంది. కాలేయం, పేగులు దెబ్బతిని కడుపునొప్పి తీవ్రమయ్యేది ఆ రోజుల్లోనే. ఆ నొప్పి శస్త్రవైద్యుడికి పేగు చిల్లుపడినట్లు తోస్తుంది. అంటే రోగి అత్యంత ప్రమాదకరంగా ఉన్న దశలోనే, ఆ ప్రమాదం తెలియని వ్యక్తి అతని పొట్ట తెరుస్తాడు. గడ్డకట్టని రక్తం కనుక స్రావం ఎక్కువ. ఎక్కువ గుడ్డలు, ఎక్కువ కుట్లు, చేతులకు ఎక్కువ సూది పోట్లు. పలుచని చేతి తొడుగు చిన్న సూది పోటును ఆపలేదు. ఆ తరువాత రోగిని వార్డుకు తరలించిన వారు, కట్లు మార్చినవారు, పక్కబట్టలు ఉతికినవారు అదే రక్తాన్ని తాకారు. రోగి చర్మం మీదా, మృతదేహం మీదా వైరస్ ఉంటుంది కనుక అంత్యక్రియలకు శవాన్ని కడిగిన బంధువులూ మినహాయింపు కాలేదు.

సూది విషయంలో కిక్విట్‌కు ముందే ఒక కఠినమైన పాఠం ఉంది. 1976లో అదే దేశంలోని యాంబుకు మిషన్ ఆసుపత్రిలో నర్సులకు ప్రతి ఉదయం ఐదు సిరంజిలు ఇచ్చేవారు. ఒక రోగికి వాడిన సిరంజిని గోరువెచ్చని నీటితో కడిగి మరొకరికి వాడేవారు. ఆ వ్యాప్తిలో 318 మందికి వ్యాధి సోకగా 280 మంది మరణించారు. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది చనిపోవడంతో ఆసుపత్రి మూతపడింది.

బారియర్ నర్సింగ్ ఆచరణ

మే నెలలో అంతర్జాతీయ బృందం కిక్విట్ చేరినప్పుడు ఆసుపత్రిలో కొళాయి నీరు లేదు. తొడుగులు సరిపడా లేవు. రోగులకు పరిచర్య చేస్తున్నది ఎక్కువగా కుటుంబ సభ్యులే. అక్కడ నెలకొల్పిన బారియర్ నర్సింగ్, అంటే రోగికీ పరిచర్య చేసేవారికీ మధ్య అడ్డు నిలిపే శుశ్రూష, ఖరీదైన పరికరాలతో మొదలు కాలేదు. రోగులను ఒకే విభాగంలోకి మార్చారు. లోపలికి వెళ్లే దారిని నియంత్రించారు. కుటుంబం నుంచి ఒక్కరినే, రక్షణ దుస్తులతో, అనుమతించారు. చేతి తొడుగులు, గౌను, ఏప్రన్, మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, క్లోరిన్ నీరు ఇచ్చి వాడటం నేర్పారు. ఆ తరువాత వైద్య సిబ్బందిలో ఒక్కరికే వ్యాధి సోకింది. మురికి అంటిన తొడుగుతో కళ్లు రుద్దుకోవడం అందుకు కారణమని భావించారు. ఒక పొరపాటుకు ఎంత విలువ ఉంటుందో ఈ ఉదాహరణను బట్టి గ్రహించవచ్చు. అయినా దాన్ని ఆ వ్యక్తి అజాగ్రత్తగా మాత్రమే చూడటం సరికాదు. వేడిలో, చెమట కారుతున్నప్పుడు, అద్దాల వెనుక దురద పుట్టినప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది.

అందువల్ల వేసుకోవడం కన్నా విప్పుకోవడమే కష్టమైన దశ. వేసుకునేటప్పుడు దుస్తులు శుభ్రంగా ఉంటాయి. విప్పేటప్పుడు వాటి వెలుపలి వైపంతా ప్రమాదం. మొదట రెండు జతల తొడుగుల్లో వెలుపలి జతను క్రిమినాశకంతో కడుగుతారు. తరువాత ఎక్కువ మురికి పట్టే ఏప్రన్‌ను, దాని వెంట వెలుపలి తొడుగులను తీస్తారు. గౌనును లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుతూ విప్పుతారు. ప్రతి అడుగు తరువాత లోపలి తొడుగులను మళ్లీ కడగాలి. ముఖం చివరికి మిగులుతుంది. కళ్లద్దాలను, తరువాత మాస్కును తల వెనుక ఉన్న పట్టీని పట్టుకుని, కళ్లు మూసుకుని, ముందుకు వంగి తీయాలి. ముందు భాగాన్ని తాకరాదు. చివరి తొడుగులు తీశాక చేతులు కడుక్కోవాలి. వాడే దుస్తులను బట్టి ఈ వరుసలో చిన్న తేడాలుంటాయి. ఒక ఆసుపత్రి ఒకే వరుసను ఎంచుకుని దానికే కట్టుబడాలి. ఎదురుగా నిలబడి ఒక్కో అడుగునూ పైకి చదివి చెప్పే రెండో మనిషి తప్పనిసరి. అలసిన మనసు వరుసను మరచిపోతుంది. పూర్తి కవచంలో వేడి ప్రాంతంలో గంట సేపు నిలవడం కూడా కష్టం. అందువల్ల లోపలికి వెళ్లకముందే పనుల జాబితా నిర్ణయించుకోవాలి. లోపల ఏదో మరిచిపోయామని తొందరపడినప్పుడే సూది జారుతుంది.

సూదుల విషయంలో నియమం చిన్నది. వాడిన సూదికి మూత తిరిగి పెట్టరాదు, వంచరాదు, చేతి నుంచి చేతికి అందించరాదు. గట్టి గోడలున్న డబ్బాను సూది వాడే చోటికే తీసుకెళ్లాలి. వాడిన సూదిని పట్టుకుని డబ్బా దగ్గరికి నడవకూడదు. రక్త నమూనాలు రోజుకు ఎన్నిసార్లు తీయాలన్నదీ ఈ కోణం నుంచే నిర్ణయించాలి. చికిత్సను మార్చని పరీక్ష కోసం ఒక అదనపు పోటు రోగికీ మేలు చేయదు, నర్సుకూ మేలు చేయదు.

క్లోరిన్ ద్రావణం తయారీలో తప్పులు తరచుగా జరుగుతాయి. ఉపరితలాలకు, రక్తం చిందిన చోటుకు 0.5 శాతం కావాలి. ఐదు శాతం ద్రవ బ్లీచ్ ఉంటే ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీరు కలపాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరు నీటికి సుమారు 16 గ్రాములు. ఆ 0.5 శాతం ద్రావణంలో ఒక పాలుకు మళ్లీ తొమ్మిది పాళ్లు నీరు చేరిస్తే 0.05 శాతం వస్తుంది. సబ్బునీరు, ఆల్కహాల్ ద్రవం రెండూ లేనప్పుడే దానిని చేతులకు వాడాలి. రెండు బకెట్లూ ఒకేలా ఉండి పేర్లు రాయకపోతే తారుమారు కావడం ఖాయం. రోజూ కొత్తగా కలపాలి. నిన్నటి ద్రావణం వాసన వచ్చినంత మాత్రాన బలంగా ఉన్నట్లు కాదు. రక్తం, మలం వంటి సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను ఖర్చు చేస్తుంది. అందుకే చిందిన రక్తం మీద నేరుగా చల్లి తుడిచేయకూడదు. ముందు గుడ్డ కప్పి ద్రావణం పోసి, పావుగంట ఉంచి, తీసేసి, శుభ్రం చేసి, మరోసారి ద్రావణం పోయాలి.

తొలి గంటల నిర్ణయం

ఇవన్నీ అనుమానం కలిగిన తరువాతి చర్యలు. కిక్విట్‌లో లోపించినది దానికి ముందటి దశ. 2014లో అమెరికాలోని డాలస్ నగరంలోనూ అదే జరిగింది. లైబీరియా నుంచి వచ్చిన రోగిని మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇంటికి పంపివేశారు. చేరిన తరువాత పరిచర్య చేసిన ఇద్దరు నర్సులకు వ్యాధి సోకింది. వారిద్దరూ కోలుకున్నారు. అక్కడ నీటికీ తొడుగులకూ కొరత లేదు.

భారతదేశంలో ఈ ప్రశ్న 2011 జనవరిలో గుజరాత్‌లో ఎదురైంది. అహ్మదాబాద్ సమీప గ్రామానికి చెందిన ఒక రోగి రక్తస్రావ జ్వరంతో మరణించారు. ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, నర్సు కూడా మరణించారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ దానిని క్రిమియన్-కాంగో జ్వరంగా నిర్ధారించింది. దేశంలో ఆ వ్యాధి నిర్ధారణ కావడం అదే మొదటిసారి. హయలోమా జాతి పిడుదుల ద్వారా, వ్యాధి సోకిన పశువుల రక్తం ద్వారా అది మనిషికి చేరుతుంది. ఎబోలాతో పోలిస్తే ఇందులో చర్మం కింద పెద్ద కమిలిన మచ్చలు, రక్తస్రావం ముందుగానే, ఎక్కువగా కనిపించవచ్చు. అయినా తొలి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు, వాంతులే.

డెంగీ రోగులతో నిండిన వార్డులో ఆ రెండు మూడు రోజుల రోగిని వేరుచేసేది ప్రయోగశాల కాదు. చీటీ రాసే బల్ల దగ్గర అడిగే ప్రశ్నలు. గత మూడు వారాల్లో ఎక్కడికి వెళ్లారు? పశువులకు పిడుదులు తీశారా, వాటిని కోశారా? ఇంట్లో గానీ ఆసుపత్రిలో గానీ ఇటువంటి జ్వరంతో ఎవరైనా చనిపోయారా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, నిర్ధారణ వచ్చేవరకు రోగికి వేరే గది ఇవ్వాలి. రక్తం తీసేవారి సంఖ్యను ఒకరిద్దరికి పరిమితం చేయాలి. కడుపునొప్పి ఉన్నా అత్యవసరం కాని శస్త్రచికిత్సను ఆపాలి. రోగిని తాకిన సిబ్బంది పేర్లను ఆ రోజే రాసి పెట్టుకోవాలి. ఎబోలా అయితే చివరిసారి తాకిన రోజు నుంచి 21 రోజులు ఉదయం, సాయంత్రం వారి ఉష్ణోగ్రత చూడాలి.